తెలుగు తప్పుల్లేకుండా చదివితే డిస్లెక్సియా లేనట్టేనా?

"మా బాబు నాలుగో తరగతి. ఇంగ్లిష్‌లో అన్నీ తప్పులే, తెలుగు మాత్రం సరిగ్గానే చదువుతాడు. మరి డిస్లెక్సియా ఎలా అవుతుంది?"

అవ్వొచ్చండి. డిస్లెక్సియా అంటే అక్షరాల్ని ధ్వనులతో కలిపి చదవడంలో వచ్చే ఇబ్బంది. తెలుగు దాదాపు రాసినట్టే పలుకుతాం కాబట్టి ఆ ఇబ్బంది తప్పుల్లో కన్నా నిదానంలో బయటపడుతుంది. ఇంగ్లిష్‌లో 'ough' అనే ఒకే అక్షరాల గుంపు 'tough'లో 'అఫ్' అని ఒకలా, 'though'లో 'ఓ' అని ఇంకోలా పలుకుతుంది, అందుకే అక్కడ తప్పులు.

కూకట్‌పల్లిలో మా పాపదీ ఇదే కథ. తోటి పిల్లలు నిమిషంలో చదివిన పేరాకి తనకు మూడు నిమిషాలు పట్టింది. 'లక్ష్మి' దగ్గర ఆగి, కూడబలుక్కుని, సరిగ్గానే చదివింది. టీచర్ తప్పులే లెక్కపెట్టారు, టైమ్ చూడలేదు!

బాబుకి కొత్త పేరా ఇచ్చి టైమ్ చూడండి. 'గిలుబ', 'తొప్మడి' లాంటి అర్థంలేని మాటలూ చదివించండి, గుర్తుతో నెట్టుకురాలేడు. అయితే ఇంట్లో తెలుగు పుస్తకమే ముట్టకపోతే నిదానానికి అదే కారణం కావచ్చు. అందుకే పరీక్ష రెండు భాషల్లోనూ చేయించండి.