పేరా లేని ప్రశ్నలు వస్తే

అమ్మాయీ,

పదో తరగతి పిల్లలకు ఫోన్లోనే తెలుగు చెప్పబోతున్నావని మీ నాయన చెప్పాడు. చాలా సంతోషమైంది. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

టైం పెట్టుకో, ఫీజు ముందే చెప్పు. అవి నీకు తెలిసినవే. నా భయం అపరిచిత గద్యం గురించి. పిల్లలు కింది ప్రశ్నలు మాత్రం ఫోటో తీసి పంపుతారు, పైనున్న పేరా వదిలేస్తారు. జవాబులు రాయాల్సింది ప్రశ్నలకే కదా అని వాళ్ల లెక్క.

నేను రిటైరైన కొత్తలో ఒక పాప అట్లాగే పంపింది. బ్రౌన్ దొర మీద నాలుగు ప్రశ్నలు. కడపలో పుట్టి పెరిగినవాణ్ణి, బ్రౌన్ గురించి నాకు వేరే పేరా ఎందుకనుకున్నాను. 'ఆయన కడపకు ఎప్పుడు వచ్చాడు?' 1820 అని రాశాను. 'ఆయనకు పేరు తెచ్చిన పని ఏది?' 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించడం అని రాశాను. 'కట్ట అనే మాటకు అర్థం?' చెరువు గట్టు అన్నాను. 'వారు అంటే ఎవరు?' కడప ప్రజలు అన్నాను.

తర్వాత ఆ పేరా చూశాను. అది మొత్తం 1852 నాటి నిఘంటువు గురించి. వేమన పేరే లేదు. కట్ట అంటే తాటాకుల కట్ట. వారు అంటే ఆయన దగ్గర పనిచేసిన పండితులు. నేను రాసిన సంవత్సరాలు నిజమే, కానీ మొదటి జవాబు ఒక్కటే ఆ పేరాకు కుదిరింది. టీచరు 'ఇది పేరాలో ఎక్కడుంది?' అని అడిగితే ఆ పాప 'సార్ చెప్పారు' అని ఏడ్చిందంట. ఆ ఏడుపు నా వల్లే.

నీకు నాకంటే తొందర ఎక్కువ. చిన్నప్పుడు పొడుపు కథ పూర్తిగా వినకుండానే విప్పేదానివి. ఇక్కడ అట్లా చేయొద్దు తల్లీ. ముందు ప్రశ్నలను విడదీసి చూడు. సంధి విడదీయడం, సమాసం పేరు, ప్రకృతి-వికృతి లాంటివి పేరా లేకున్నా చాలావరకు చెప్పొచ్చు. 'పేరా ప్రకారం', 'రచయిత ఉద్దేశం', 'వారు ఎవరు', శీర్షిక పెట్టమనడం, ఇవి ముట్టుకోవద్దు. పదానికి అర్థం అడిగితే ఆ పదమున్న వాక్యం చూసే చెప్పు.

ప్రశ్నలను బట్టి పేరా దేని గురించో ఊహించొచ్చు. ఆ ఊహను జవాబుగా మాత్రం పంపొద్దు. పిల్లలు నలుగురికి ఫార్వర్డ్ చేస్తారు, 'ఇది ఊహే' అన్న నీ మాట అక్కడికి చేరదు.

ఇట్లా రాయి: 'నాన్నా, ప్రశ్నలు చేరాయి, పేరా రాలేదు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా కనిపించేట్టు ఫోటో పెట్టు. పేరా ముందు పేజీ అడుగున మొదలైతే ఆ పేజీ కూడా పెట్టు. అంతలోకి సంధుల జవాబులు ఇవి.' 'పేరా ఏదీ?' అని ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు. తిట్టారనుకొని మళ్లీ అడగరు.

పేరా పోయిందంటే, ఏ పుస్తకంలోదో, ఏ పరీక్షలోదో అడిగి, పక్కనున్న స్నేహితురాలి దగ్గర ఫోటో తీయమను. అదీ దొరక్కపోతే జవాబు ఇవ్వొద్దు. నీ దగ్గరున్న వేరే పేరా పంపి, ఒక్కో జవాబు ఏ వాక్యంలో ఉందో గీత గీసి చూపించు.

మొదటి క్లాసు అయ్యాక ఫోన్ చెయ్యి. రాత్రి పదైనా మేలుకొనే ఉంటాను.

మీ పెద్దనాయన