టెక్ సందేహాలు: క్రెడిట్ కార్డు బాకీ మీద ఏడాదికి అసలు ఎంత పడుతోంది?

నా కార్డు స్టేట్‌మెంట్‌లో వడ్డీ నెలకు 3.6 శాతం, ఏడాదికి 43.2 శాతం అని ఉంది. కొన్ని నెలలుగా మినిమమ్ డ్యూ మాత్రమే కడుతున్నాను. చూస్తే అంతకంటే ఎక్కువే పోతున్నట్టుంది. నిజమైన రేటు గూగుల్ షీట్స్‌లో ఎలా లెక్కేయాలి? — ఒక పాఠకుడు, ఖమ్మం

మీ అనుమానం సరైనదే. 43.2 అంటే 3.6ను పన్నెండుతో గుణించిన అంకె, అంతే. దాని మీద పడే జీఎస్టీ అందులో లేదు, నెలనెలా డబ్బు మీ చేతి నుంచి వెళ్లిపోతున్న లెక్కా లేదు.

ఒక స్టేట్‌మెంట్ తీసుకుందాం. నెల మొదట్లో బాకీ రూ.40,000. కొత్తగా ఏమీ కొనలేదు. 20 రోజులు గడిచాక మినిమమ్ డ్యూ రూ.2,000 కట్టారు. మిగిలిన 10 రోజులు బాకీ రూ.38,000. కార్డు వడ్డీని రోజువారీ బాకీ మీద లెక్కగడతారు కాబట్టి ముందు సగటు బాకీ తెలియాలి. షీట్‌లో A2, A3 గడుల్లో బాకీలు, B2, B3లో అవి ఎన్ని రోజులున్నాయో రాయండి. స్టేట్‌మెంట్‌లోని వడ్డీని D2లో, జీఎస్టీని D3లో పెట్టి ఇవి టైప్ చేయండి:

```
D1: =SUMPRODUCT(A2:A3,B2:B3)/SUM(B2:B3)
D4: =(D2+D3)/D1
D5: =(1+D4)^(365/SUM(B2:B3))-1
```

సగటు బాకీ రూ.39,333 వస్తుంది. ఈ నెల వడ్డీ రూ.1,396.60, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ.251.39, రెండూ కలిపి సుమారు రూ.1,648. అంటే 30 రోజులకు 4.19 శాతం. D5 చూపించేది 64.8 శాతం. మీరు అడిగిన నిజమైన ఏడాది ఖర్చు ఇదే. ఇంకో సంగతి గమనించండి: మీరు కట్టిన రూ.2,000లో ఈ ఖర్చుకు సరిపడా రూ.1,648 తీసేస్తే, బాకీ నిజంగా తగ్గింది రూ.352 మాత్రమే.

షీట్ సరిగా ఉందో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. జీఎస్టీ వదిలేసి, వడ్డీ ఒక్కదాన్నే సగటు బాకీతో భాగించి, 365తో గుణించి, రోజులతో భాగించండి. స్టేట్‌మెంట్‌లో రాసిన 43.2 శాతం రావాలి. బాగా తేడా వస్తే ఏదో లావాదేవీ తేదీ తప్పిపోయిందన్నమాట. బాకీ మోస్తున్నప్పుడు వడ్డీ లేని గడువు ఉండదు, కొత్తగా కొన్న సరుకుకు కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. అందుకే ప్రతి కొనుగోలునూ దాని తేదీ నుంచి రోజుల లెక్కలో చేర్చాలి, వరుసలు పెరిగితే సూత్రాల్లో A3, B3ని చివరి వరుసకు మార్చుకోవాలి. చాలామంది చేసే పొరపాటు, వడ్డీని బిల్లు చివర్లో ఉండే మొత్తంతో భాగించడం. నెలాఖరున ఏదో పెద్దది కొని బిల్లు రూ.52,000 అయిందనుకోండి, అదే రూ.1,648 అప్పుడు 3.2 శాతంలా కనిపించి మోసం చేస్తుంది. అలాగే, పూర్తి బిల్లు కట్టడం ఆపేసిన తర్వాత వచ్చే మొదటి స్టేట్‌మెంట్‌తో ఈ లెక్క చేయకండి. అందులో పాత కొనుగోళ్ల తేదీ దాకా వెనక్కి వెళ్లి వేసిన వడ్డీ కూడా ఉంటుంది, 30 రోజులది కాదు. ఆ తర్వాతి నెలది తీసుకోండి.

ఇక ఆలస్య రుసుము. ఒకసారి గడువు దాటి రూ.750 పడిందనుకుందాం, జీఎస్టీతో రూ.885. దీన్ని ఆ నెల ఖర్చులో కలిపి D5లో వేస్తే ఏడాదికి 113 శాతం దాటుతుంది. ప్రతి నెలా ఆలస్యమైతేనే అది నిజం. ఏడాదికి ఒక్కసారే అయితే రూ.885ను సగటు బాకీతో భాగించి వచ్చిన 2.25 శాతాన్ని 64.8కి కలపండి, సుమారు 67. కార్డు వార్షిక రుసుమును మాత్రం, బాకీ ఉన్నా లేకున్నా ఆ కార్డు ఉంచుకునేవారైతే, ఇందులో కలపకండి.

ఈ బాకీని తీర్చడానికి బ్యాంకులో పర్సనల్ లోన్ తీసుకోవాలా, కార్డు కంపెనీ ఇచ్చే ఈఎంఐలోకి మార్చుకోవాలా అన్నది చూసేటప్పుడు ఎదురుగా పెట్టుకోవలసింది 64.8నే, 43.2ని కాదు. రెండు చోట్లా ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ ఎంతో అడగండి. పర్సనల్ లోన్ వడ్డీ మీద జీఎస్టీ లేదు, క్రెడిట్ కార్డు వడ్డీకి మాత్రం ఆ మినహాయింపు లేదు. కార్డు ఈఎంఐలో ప్రతి వాయిదా వడ్డీ భాగం మీద 18 శాతం పడుతుంది కాబట్టి, వాళ్లు 16 శాతం అని చెబితే మీరు 18.88 అని రాసుకుని పోల్చండి.