సదరు సభ, సదరు అతిథి

ప్రశ్న: మా సంఘం వార్షికోత్సవానికి ఆహ్వానపత్రం, కార్యదర్శి నివేదిక, సన్మానపత్రం, పత్రికలకు ఇచ్చే ప్రకటన, ధన్యవాదాల ఉత్తరం అన్నీ ఒకే రాత్రి కూర్చుని రాశాను. పేర్లు, అంకెలు ఒకదానికొకటి తేడా రాకూడదని మొదటిదాంట్లో వివరంగా రాసి, మిగతావాటిలో 'సదరు సభ', 'సదరు అతిథి', 'పై తేదీన' అని పెట్టాను. తేడాలు వచ్చాయి, పైగా 'సదరు' తెలుగు కాదని ఒక పెద్దాయన ఆక్షేపించారు. ఆ మాట వాడవచ్చా? 'పన్నెండు వందలు' అనాలా, 'వెయ్యిన్ని రెండు వందలు' అనాలా?
– ఒక సంఘ కార్యదర్శి, విశాఖపట్నం

సమాధానం: మీ పెద్దాయన కోపం సగం న్యాయమే. 'సదరు' పుట్టుకతో తెలుగు కాదు. కానీ కచేరీల్లోనూ దస్తావేజుల్లోనూ మనతో ఇంతకాలం కాపురం చేసిన మాటను ఇప్పుడు బయటకు పొమ్మంటే 'హుకుం', 'అత్తరు' కూడా మూట కట్టుకోవాలి. ఈ మూడూ ఒక దారినే వచ్చాయి. అరబ్బీలో పక్కపక్కన ఉన్న రెండు హల్లులు మన నోటికి ఇమడక మధ్యలో ఒక అచ్చు చేరి, 'సద్ర్' కాస్తా 'సదరు' అయింది.

అరబ్బీలో 'సద్ర్' అంటే రొమ్ము. రొమ్ము శరీరానికి ముందు భాగం కాబట్టి ఏ వస్తువుకైనా ముందుభాగం, పైభాగం 'సద్ర్' అయింది. సభలో పైస్థానం, అక్కడ కూర్చునే మనిషి కూడా 'సద్ర్' అయ్యారు. 1965 దాకా కాశ్మీరు రాష్ట్రాధినేతను సదర్-ఎ-రియాసత్ అనడం ఇందుకే. కంటోన్మెంటు ఊళ్లలో పెద్ద బజారు సదర్ బజారు. మన జిల్లాల అప్పీళ్లు ఒకప్పుడు మద్రాసు సదర్ అదాలత్‌కు వెళ్లేవి. 1862లో హైకోర్టు వచ్చాక ఆ పేరు మరుగున పడింది. ఇక కాగితం మీద 'సద్ర్' అంటే కాగితం పైభాగం. అక్కడ రాసినదాన్ని కింద తలచుకోవలసి వస్తే 'సదరు' అన్నారు. పాత దస్తావేజుల్లో 'సదరహి' అని కూడా కనబడుతుంది. హైదరాబాదు దున్నపోతుల పండగ 'సదర్' సంగతి వేరే ఉత్తరానికి ఉంచుదాం.

మీకు కావలసింది ఆ చివరి అర్థమే. 'సదరు' అంటే 'ఇదే కాగితంలో పైన చెప్పిన' అని. దస్తావేజులో అది చక్కగా పనిచేసింది, ఎందుకంటే దస్తావేజు ఒంటరి కాగితం. సరిహద్దులు, పేర్లు, పైకం అన్నీ దాంట్లోనే పైన ఉంటాయి. మీరు రాసినవి అయిదు వేర్వేరు కాగితాలు. రాసేటప్పుడు మీ బల్ల మీద ఒకదాని కింద ఒకటి ఉన్నాయి కాబట్టి 'పైన' అన్న మాటకు మీకు అర్థం కనబడింది. తెల్లారాక ఒకటి అచ్చుకు, ఒకటి విలేకరి చేతికి, ఒకటి సన్మానం అందుకున్నాయన ఇంటి గోడ మీదకి వెళ్లాయి. గోడ మీది కాగితానికి 'పైన' మేకు తప్ప ఏముంటుంది?

'రేపు', 'నేడు', 'వచ్చే ఆదివారం', 'ఈ సంవత్సరం' కూడా ఇలా మరొకదాన్ని ఆనుకుని నిలబడే మాటలే. ఒకే రాత్రి కూర్చుని రాసేవారికి వీటితో ఇంకో ప్రమాదం ఉంది. కలం పట్టింది ఒక రాత్రే అయినా కాగితాలు మాట్లాడే రోజులు వేరు. ఆహ్వానం సభకు ముందు మాట్లాడుతుంది, నివేదిక సభలో, ప్రకటన ఆ సాయంత్రం, ధన్యవాదాల ఉత్తరం తరవాత. మీరు పంపిన నకళ్లలో ఆహ్వానంలో 'వచ్చే ఆదివారం' అని ఉంది, ధన్యవాదాల ఉత్తరంలోనూ 'వచ్చే ఆదివారం సభకు విచ్చేసినందుకు' అని ఉంది! రాసిన రాత్రి 'వచ్చే' అయినది ఉత్తరం అందేనాటికి 'పోయిన' అవుతుంది. '2026 ఫిబ్రవరి 22, ఆదివారం' అని అయిదింటిలోనూ రాసి ఉంటే ఏ రోజున ఎవరు చదివినా అది మారదు.

తేదీ పక్కన వారం ఎందుకని మీ కమిటీలో ఎవరైనా అడిగితే సింహాచలం కొండెక్కి గుడి శాసనాలు చూడమనండి. శాసనాల్లో శక సంవత్సరం ఒక్కటే వేసి ఊరుకోలేదు, సాధారణంగా మాసం, పక్షం, తిథి, వారం కూడా చెక్కించారు. వీటిలో ఒకటి తప్పుపడితే మిగతావి దాన్ని పట్టిస్తాయి. శాసనపరిశోధకులు ఇప్పటికీ తిథికి వారం కుదురుతోందా అని లెక్కగట్టే ఆ తేదీని నమ్ముతారు. మీ ప్రకటనలో 'ఫిబ్రవరి 21, ఆదివారం' అని పడింది. వారం కూడా వేశారు కాబట్టే ఆ తప్పు నా కంటబడింది. ఉత్త 21 అని ఉంటే నేనూ నమ్మేవాణ్ణి.

ఇక అంకెల గొడవ. నివేదికలో '42 మంది విద్యార్థులకు ఒక్కొక్కరికి రూ. 2,500 చొప్పున రూ. 1,05,000' అని ఉంది. ప్రకటనలో 45 మంది అని ఉంది గాని మొత్తం రూ. 1,05,000 గానే మిగిలింది. జరిగింది ఊహించగలను. అర్ధరాత్రి దాటాక ఎవరో ఫోన్ చేసి 'మరో ముగ్గుర్ని కలిపాం' అన్నారు, మీరు అప్పుడు చేతిలో ఉన్న కాగితంలో తలల లెక్క దిద్దారు, దానికి పుట్టిన లెక్కను మరిచారు. 45ను 2,500తో గుణిస్తే రూ. 1,12,500. మొత్తాలు, శాతాలు, 'గతేడాది కంటే ఎక్కువ' లాంటివి సొంతంగా బతికే అంకెలు కావు. తల్లి అంకె మారితే వీటిని మళ్లీ కట్టాల్సిందే. విలేకరి ఆ మొత్తాన్ని 45తో భాగించి చూస్తే ఒక్కొక్కరికీ 2,333 రూపాయల చిల్లర వస్తుంది, ఆపైన ఆయన అడిగే ప్రశ్న మీకు నచ్చదు. ఆహ్వానంలో 'ఇవ్వనున్నాం' అని 42, ప్రకటనలో 'ఇచ్చారు' అని 45 ఉండటం మాత్రం తప్పు కాకపోవచ్చు. అనుకున్నది వేరు, ఇచ్చింది వేరు. అందుకే సభ కాకముందే రాసుకునే ప్రకటనలో ఇంకా జరగని లెక్కకు ఖాళీ వదలండి. ఎందరు వచ్చారో, ఎందరు అందుకున్నారో ఆ సాయంత్రం నింపుకోవచ్చు.

పేరు విషయంలో కంప్యూటరును నమ్మి చెడ్డారు. ముఖ్య అతిథి సుబ్రహ్మణ్యం కాదు, సుబ్రహ్మణ్యశాస్త్రి అని తెలిసి, వెతికి మార్చమని ఒక మీట నొక్కి ఉంటారు. ఇంగ్లీషులో పేరు ఎక్కడున్నా ఒకేలా ఉంటుంది కాబట్టి ఆ పద్ధతి చాలామటుకు చెల్లుతుంది. తెలుగులో 'సుబ్రహ్మణ్యం' విభక్తి తగిలితే 'సుబ్రహ్మణ్యానికి', 'సుబ్రహ్మణ్యాన్ని' అవుతుంది. చివరి సున్న పోయింది కాబట్టి యంత్రానికి అది వేరే మాట. అవి రెండూ మీ నివేదికలో పాత పేరుతోనే నిక్షేపంగా ఉన్నాయి. 'గారు' చేర్చి 'సుబ్రహ్మణ్యంగారికి' అని రాసినచోట్ల మాత్రం సున్న చెక్కుచెదరలేదు, పేరు మారింది. మర్యాద ఇలా కూడా అక్కరకు వస్తుందన్నమాట! ఈకాలం ప్రకటనల్లో 'గారు' కరువైందని నేను గొణుగుతుంటే చాదస్తం అంటారు గదా. వెతకాలంటే పేరులో మారని ముక్క, ఇక్కడ 'సుబ్రహ్మణ్య' వరకు, వెతికించి ఒక్కొక్కటే కంటితో చూసి మార్చండి. అంకెల్ని మూకుమ్మడిగా మార్చడం ఇంకా చేటు. 42ను 45 చేయమంటే 1942 కూడా 1945 అవుతుంది, 'నలభై ఇద్దరు' మాత్రం కదలదు.

వేదిక ఒకచోట 'కళాభారతి, పిఠాపురం కాలనీ', ఇంకోచోట 'మద్దిలపాలెం ఆడిటోరియం' అని రాశారు. ఊళ్లోవాళ్లకు ఒకటేనని తెలుసు. విజయనగరం నుంచి వచ్చే అతిథికి రెండు హాళ్లు కనబడతాయి.

ఇలాంటప్పుడు నేను చెప్పే పద్ధతి పాతదే. అయిదు కాగితాలకూ ముందు ఆరోది ఒకటి రాయాలి. అది ఎక్కడికీ వెళ్లదు. అందులో వాక్యాలుండవు. అతిథులు స్వయంగా రాసిచ్చినట్టు వారి పేర్లు, హోదాలు, తేదీ–వారం–వేళ, వేదిక పూర్తి పేరు, తల్లి అంకెలు, వాటి కింద వాటికి పుట్టిన మొత్తాలు, ప్రతిదాని పక్కన ఎవరు చెప్పారన్నది, అంతే. ప్రతి కాగితమూ దీన్ని చూసే రాయాలి గాని ముందు రాసినదాన్ని చూసి రెండోది, రెండోదాన్ని చూసి మూడోది రాయకూడదు. నకలుకు నకలు తీస్తూపోతే తప్పు కూడా వారసత్వంగా వస్తుందని తాటాకుల ప్రతులు సరిచూసిన పండితులందరికీ తెలుసు. అర్ధరాత్రి ఫోన్ వస్తే ముందు ఆరో కాగితంలో దిద్ది, ఆ సంగతి ఎన్నింటిలో ఉందో చూసి అన్నింటిలోనూ దిద్దాలి.

చివర్లో సరిచూడటం కూడా అడ్డంగా సాగాలి. ఒక కాగితాన్ని పైనుంచి కిందకి చదివితే మీ మనసు వాక్యం వెంట పోతుంది, మీ శైలి మీకే నచ్చుతుంది, తప్పు జారిపోతుంది. అయిదూ పరిచి తేదీ ఒక్కటే అయిదింటిలో చూడండి, తరవాత ముఖ్య అతిథి పేరు ఒక్కటే, తరవాత మొత్తం ఒక్కటే. ఇంట్లో ఎవరైనా ఆరో కాగితం పైకి చదివితే మీరు వేలు పెట్టి చూడొచ్చు.

కాబట్టి 'సదరు' వాడవచ్చా అంటే, నివేదికలాంటి పొడుగాటి కాగితంలో, పేరు ఒకసారి పూర్తిగా వచ్చాక, అదే పుటలో అయితే నేను అడ్డుచెప్పను. 'ఆ' అన్నా సరిపోతుందనుకోండి. ఆహ్వానంలో, సన్మానపత్రంలో వద్దు. సన్మానం పొందుతున్న మనిషిని 'సదరు వ్యక్తి' అంటే పోలీసు స్టేషన్ గుర్తొస్తుంది. ప్రకటన సంగతి గట్టిగా చెప్పలేను. విలేకరులు ఎలాగూ కత్తిరిస్తారు, మొదటి వాక్యం ఎగిరిపోతే 'సదరు' గాల్లో వేలాడుతుంది.

'పన్నెండు వందలు', 'వెయ్యిన్ని రెండు వందలు' రెండూ సాధువులే. మాటల్లో మొదటిది, చందా రసీదులో రెండోది నాకు నచ్చుతాయి. అయితే ఒక సభ కాగితాల్లో ఒకటే పట్టుకోండి. పైకం రాసేచోట అంకెల పక్కన 'అక్షరాలా' అని మాటల్లో కూడా రాయండి. చెక్కు మీద అంకెలకూ అక్షరాలకూ తేడా వస్తే అక్షరాల్లో ఉన్నదే లెక్కని 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 18వ సెక్షన్. మీ ప్రకటనలో రూ. 1,12,500 పక్కన 'అక్షరాలా ఒక లక్షా పన్నెండు వేల అయిదు వందల రూపాయలు' అని వేసి మళ్లీ పంపండి.