ముగ్గురు పిల్లలకు ఒకే పుస్తకం ఎలా ఎంచుకోవాలి?

"నమస్కారమండీ. మాది అనంతపురం. నాకు ముగ్గురు పిల్లలు: పెద్దమ్మాయికి పదమూడేళ్లు, నడిమివాడికి ఎనిమిది, చిన్నదానికి నాలుగు. రాత్రి అన్నాలయ్యాక అరగంట కథల పుస్తకం చదివి వినిపించాలని మొదలుపెట్టాను. చిన్నదానికి నచ్చింది తెస్తే పెద్దది 'ఇవి పసిపిల్లల కథలు' అని లేచి పోతుంది. పెద్దదానికి నచ్చింది తెస్తే చిన్నది ఏడుస్తుంది. మా అత్తమ్మ నీతికథలే చదవమంటారు. ఎలాంటి పుస్తకం తేవాలి?"

అమ్మా, ముగ్గురికీ సమానంగా అర్థమయ్యే పుస్తకం కోసం వెతకడం మానేయండి, అటువంటిది దొరకదు. ఒకే సన్నివేశం ముగ్గురికీ మూడు రకాలుగా అందే పుస్తకాలు మాత్రం ఉన్నాయి, మీరు వెతకవలసింది వాటినే.

ఉదాహరణకు, తెలుగులో 'రైలుబడి' పేరుతో వచ్చిన జపాన్ పుస్తకం 'టోటోచాన్' ప్రారంభాన్ని తీసుకోండి. ఒకటో తరగతి చదివే ఆ పాప డెస్కు మూతను మాటిమాటికీ తెరిచి మూస్తుంది, కిటికీ దగ్గర నిలబడి వీధిలో పోయే వాద్యగాళ్లను పిలుస్తుంది. చివరకు ఆమెను బడి నుంచి పంపించేస్తారు. అసలు కారణం చెప్పకుండా తల్లి ఆమెను పాత రైలుపెట్టెల్లో నడిచే మరో బడికి తీసుకుపోతుంది. ఇది వింటూ మీ చిన్నది డెస్కు మూత టపటపలాడటానికి నవ్వుతుంది. నడిమివాడు రైలుపెట్టెలో కూర్చుని చదువుకోవడాన్ని ఊహించుకుంటాడు. పెద్దమ్మాయికేమో, బిడ్డను వెళ్లగొట్టారన్న మాటను ఆ తల్లి కడుపులోనే ఎందుకు దాచుకుందో తడుతుంది. పుస్తకం చేతికి తీసుకోగానే మొదటి రెండు మూడు పేజీలు గొంతెత్తి చదివి, ఈ మూడూ అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. దానితోపాటు అధ్యాయాలు చిన్నవిగా ఉండాలి, ఒక్కోటి దానికదే ఒక సంఘటనగా ముగియాలి, ఎందుకంటే నిద్ర ముంచుకొచ్చి నిన్నటి భాగం వినని బిడ్డ కూడా ఈరోజు తెగిన దారం వెతుక్కోకుండా వినగలగాలి.

అయితే ఆ పుస్తకాన్ని గుడ్డిగా మొదలుపెట్టకండి. అందులో ముందు ముందు టోటోచాన్ స్నేహితుడొకడు చనిపోతాడు, పెంపుడు కుక్క కనిపించకుండా పోతుంది, యుద్ధం కూడా వస్తుంది. మీరు రెండు అధ్యాయాలు ముందుగా చదువుకుని ఉంటే, అటువంటి భాగాన్ని చిన్నది నిద్రపోయాక మిగిలిన ఇద్దరికీ చదవవచ్చు.

ఇక అరగంటను ఎలా పంచాలన్నది చూద్దాం. మొదటి ఐదారు నిమిషాలు బొమ్మల పుస్తకానికి ఇవ్వండి. పేజీకి ఒకటి రెండు వాక్యాలుండి, ఒకే పలుకు మళ్లీ మళ్లీ వచ్చేది అయితే చిన్నది మీతోపాటు ఆ పలుకును అందుకుంటుంది. దీన్ని మీరు చదవకండి, పెద్దమ్మాయి చేత చదివించండి. కూర్చుని వినమంటే పసిపిల్లల కథ అనిపించినది, తానే చదివి వినిపించేటప్పుడు తన పని అవుతుంది. పదమూడేళ్లవారికి ఆ తేడా చాలా పెద్దది. మిగిలిన సమయమంతా పెద్ద పుస్తకానిది. అప్పుడు చిన్నది పలక మీద గీతలు గీసుకున్నా, మీ ఒడిలో దొర్లుతున్నా అడ్డుకోవద్దు. అది విననట్టే కనిపిస్తుంది కాని, మరునాడు ఆడుకుంటూ కథలోని మాట ఒకటి పలికిందంటే విన్నదనే లెక్క.

పుస్తకం కుదిరిందా లేదా అన్నది మీ నడిమివాడే చెబుతాడు. వాడు వరుసగా మూడు రాత్రులు "ఇంకెన్ని పేజీలున్నాయి?" అని అడిగితే ఆ పుస్తకాన్ని పక్కన పెట్టేయండి. కొన్నాం కదా అని చివరిదాకా లాగడం నేనూ మా ఇంట్లో చేసిన పొరపాటే. రెండు వారాల తరువాత పిల్లలకు పుస్తకం మీదనే కాదు, ఆ వేళ మీద కూడా విసుగు పుట్టింది. అందుకే మొదట జిల్లా కేంద్ర గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకుని రెండు మూడు పుస్తకాలు తెచ్చి చూసుకోండి. ఒకవేళ పుస్తకం బాగా నచ్చి పెద్దమ్మాయి పగలు తానే పుస్తకం తీసుకుని ముందుకు చదివేస్తే మందలించవద్దు, జరగబోయేది తమ్ముడికి చెప్పకూడదని మాత్రం మాట తీసుకోండి.

మీ అత్తగారి కోరికను కాదనవలసిన పని లేదు. చిన్నయసూరి గ్రాంథికాన్ని పుస్తకం చూసి చదివితే నాలుగేళ్ల బిడ్డకు అందదు. అవే పంచతంత్ర కథలను మీ అత్తగారు తన మాటల్లో చెబితే ముగ్గురూ వింటారు. వారంలో ఒక రాత్రి, ఆదివారం అనుకుందాం, పుస్తకం మూసి ఆ సమయాన్ని ఆమెకు వదిలేయండి. కథ అయిన వెంటనే "దీని నీతి ఏమిటి?" అని పిల్లలను అడగవద్దని మాత్రం మీరే నెమ్మదిగా ఆమెతో చెప్పండి, ఆ ప్రశ్న రాగానే మీ పెద్దమ్మాయికి అది బడి పాఠంలా తోచి మళ్లీ లేచిపోతుంది.