విరాళాల సభలో కథ చెప్పాక డబ్బు ఎలా అడగాలి?

"తిరుపతిలో మా ట్రస్టు డయాలసిస్ పేషెంట్లకు దారి ఖర్చులు ఇస్తుంది. వచ్చే వారం సభలో ఐదు నిమిషాలు నేనే మాట్లాడాలి. కథ చెప్పగలను గానీ డబ్బు అడగాలంటే నోరు పెగలదు. ఎవరైనా అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి."

మాదీ తిరుపతే, ఇలాంటి సభల్లో మాట్లాడుతుంటాను. అడిగే మొత్తం కథలోనే ఉండాలండీ, అప్పుడు నోరు దానంతటదే పెగులుతుంది.

పోయినసారి పీలేరు వైపు పల్లె నుంచి వచ్చే ఒకాయన గురించి చెప్పాను. డయాలసిస్ ప్రభుత్వ పథకంలో ఉచితమే. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. తోడొచ్చే భార్యకు ఆర్టీసీ బస్సులో టికెట్ ఉచితం. ఆయన బస్సు ఛార్జీ, ఊళ్లో నుంచి రోడ్డు దాకా ఆటో, ఇద్దరికీ మధ్యాహ్నం తిండి కలిపి 230 రూపాయలు. ఒక శనివారం ఆ డబ్బు లేక ఇంట్లోనే ఉండిపోయాడు. ఒంట్లో చేరిన నీరు బయటికి పోయే దారి లేదు కదా, ఆదివారం రాత్రికి కాళ్లు ఉబ్బి, పడుకుంటే ఊపిరాడక, తెల్లవార్లూ గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

ఆ వెంటనే ఇలా అన్నాను: "ఆ శనివారం చేతిలో 230 ఉండుంటే ఆయన ఆ రాత్రి పడుకునేవాడు. నెలకు పదమూడు సార్లు రావాలి, అంటే దాదాపు 3,000. ఒక మనిషికి ఒక నెల దారి ఖర్చు 3,000 ఇవ్వమని మిమ్మల్ని అడుగుతున్నాను. మీ కుర్చీలో పెట్టిన కార్డు మీద క్యూఆర్ కోడ్ ఉంది, ఇప్పుడే ఫోన్ తీయండి."

కథకూ ఈ మాటకూ మధ్య జిల్లాలో ఇంతమంది పేషెంట్లు అని లెక్కలు పెట్టకండి. స్మాల్, లోవెన్‌స్టీన్, స్లోవిక్ 2007లో ప్రచురించిన పరిశోధనలో ఒక్క పాప కథే విన్నవాళ్లకంటే, కథతో పాటు గణాంకాలు కూడా చూసినవాళ్లు తక్కువ ఇచ్చారు. "మీకు తోచినంత" అని కూడా అనొద్దు, అలా అంటే పక్కవాళ్లు ఎంత ఇస్తున్నారో చూసి వంద పెట్టి ఊరుకుంటారు. అంత ఇవ్వలేనివాళ్లకు రెండో మాటగా "ఒక్క ప్రయాణం 230" అని చెప్పండి, చాలు.

అడిగాక ఇంక మాట్లాడొద్దు. ఫోన్ తీసి, స్కాన్ చేసి, పిన్ కొట్టడానికి టైం పడుతుంది. ఆ నిశ్శబ్దం భరించలేక ఎవరో ఒకరు శాలువా సన్మానం మొదలుపెడతారు, అందరూ చప్పట్లకు ఫోన్లు లోపల పెట్టేస్తారు. కాబట్టి సన్మానాలు ముందే అయిపోవాలని నిర్వాహకులతో మాట్లాడుకోండి. మీ వంతు భోజనాలకు ముందే ఉండాలి, వడ్డన మొదలైతే హాలు ఖాళీ.

ఆ పేషెంట్‌ను స్టేజీ ఎక్కించకండి. మీరు చెప్పబోయేది ఆయనకు ముందే వినిపించి, ఒప్పుకున్నంత వరకే, పేరూ ఊరూ లేకుండా చెప్పండి. మేము అలాగే చేశాం, అప్పు సంగతి వద్దన్నాడు, తీసేశాను.

ఇంకొకటి, మీ ట్రస్టుకు దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చే 80జీ ఉంటే కార్డు మీదే రాయండి: 2,000 దాటిన నగదుకు ఆ మినహాయింపు రాదు, 3,000 ఇచ్చేవాళ్లు యూపీఐ లేదా చెక్కుతోనే ఇవ్వాలి.