నర్సు రాజీనామా మెయిల్: చదువు కోసం వెళ్తున్నప్పుడు తేదీలు ఎలా రాయాలి?

ప్రశ్న: సార్, హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ ఆసుపత్రి మెడికల్ ఐసీయూలో రెండేళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. ఎమ్మెస్సీ నర్సింగ్‌లో సీటు వచ్చింది, ఫీజు కట్టేశాను. క్లాసులు సెప్టెంబర్ 22న మొదలు. అపాయింట్‌మెంట్ లెటర్‌లో 60 రోజుల నోటీసు అని ఉంది. ఆగస్టు 4న ఈ మెయిల్ పంపుదామనుకుంటున్నాను (ఇంగ్లీషులో రాసుకున్నాను, ఇది దాని తెలుగు). సరిగ్గా ఉందా?

“గౌరవనీయులైన మేడమ్, కొన్ని వ్యక్తిగత కారణాల వల్ల, పై చదువుల కోసం ఉద్యోగం మానేయాలనుకుంటున్నాను. వచ్చే నెలలో నన్ను రిలీవ్ చేయగలరని మనవి. స్టాఫ్ తక్కువై డబుల్ డ్యూటీలు పడటంతో చదువుకోవడానికి టైమ్ దొరకలేదు. ఇబ్బంది కలిగిస్తున్నందుకు దయచేసి క్షమించండి. ఇన్నాళ్లు అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు.”

జవాబు: సిస్టర్, మీ మెయిల్‌లో మర్యాద ఉంది, కానీ తేదీ లేదు. హెచ్‌ఆర్ వాళ్లు దీన్ని చదివి మీ నోటీసు ఎప్పుడు మొదలైందో, ఆఖరి పనిదినం ఏదో చెప్పలేరు. “మానేయాలనుకుంటున్నాను” అంటే ఇంకా ఆలోచనలోనే ఉన్నారని కూడా అర్థం చేసుకోవచ్చు. రేపు ఎవరైనా “మీరు అడిగారంతే, రాజీనామా ఎక్కడిచ్చారు?” అంటే మీ దగ్గర సమాధానం ఉండదు. “రాజీనామా చేస్తున్నాను” అని సూటిగా రాయండి.

ఇప్పుడు నోటీసు లెక్క చూద్దాం. ఆగస్టు 4న మెయిల్ పంపి, మర్నాటి నుంచి లెక్కపెడితే 60వ రోజు అక్టోబర్ 3 అవుతుంది. మీకు క్లాసులు సెప్టెంబర్ 22న. సెప్టెంబర్ 19 వరకు పనిచేస్తే 46 రోజుల నోటీసు ఇచ్చినట్టు, ఇంకా 14 రోజులు తక్కువ. ఈ 14 రోజుల సంగతి మీరే ముందుగా రాయాలి. రాయకుండా వదిలేస్తే అది సెటిల్‌మెంట్ రోజున బయటపడుతుంది. అప్పటికి మీరు కాలేజీలో ఉంటారు, లెటర్లు ఆసుపత్రిలో ఆగిపోతాయి.

తక్కువైన రోజులను సాధారణంగా రెండు విధాలుగా సర్దుతారు. మిగిలి ఉన్న ఎర్న్‌డ్ లీవ్‌ను నోటీసులో కలపడం ఒకటి, మిగతా రోజులకు జీతం కోసుకోవడం రెండోది. మీకు 9 లీవులు ఉన్నాయనుకుందాం. వాటిని కలపడానికి ఒప్పుకుంటే ఇక 5 రోజులే మిగులుతాయి. బేసిక్ 15,000 అయితే రోజుకు 500 చొప్పున 2,500 కట్టాలి. అదే గ్రాస్ మీద కోస్తే, గ్రాస్ 27,000 అనుకుంటే, రోజుకు 900 చొప్పున 4,500 అవుతుంది. బేసిక్ మీదా గ్రాస్ మీదా అన్నది, లీవులు కలుపుతారా లేదా అన్నది మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లోనో హెచ్‌ఆర్ పాలసీలోనో ఉంటుంది. మెయిల్ పంపేముందు ఆ పేరా ఒకసారి తీసి చదవండి. అందులో బాండ్ గురించి ఏమైనా ఉందేమో కూడా చూసుకోండి.

నర్సులకే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది. 19న మీకు నైట్ డ్యూటీ పడితే, పంచ్ అవుట్ అయ్యేది 20 పొద్దున. ఆఖరి పనిదినం 19 అని రాసి, అటెండెన్స్‌లో 20న పంచ్ కనిపిస్తే, ఏ తేదీ తీసుకోవాలో తేలక ఫైల్ తిరుగుతూనే ఉంటుంది. అందుకే ఆ వారం రోస్టర్ వేసేముందే ఇన్‌ఛార్జ్ సిస్టర్‌తో మాట్లాడి 19న మార్నింగ్ షిఫ్ట్ వేయించుకోండి. అసలు మెయిల్ కన్నా ముందు ఆవిడకు, తర్వాత నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్‌కు నోటితో చెప్పండి. రోస్టర్ ఖాళీలు నింపాల్సింది వాళ్లే. హెచ్‌ఆర్ నుంచి కబురు తెలిస్తే ఎవరికైనా మనసు కష్టపెట్టుకోవాలనిపిస్తుంది.

ఇక ఆత్మీయత. మీ డ్రాఫ్ట్‌లో “క్షమించండి” ఉంది, “కృతజ్ఞతలు” ఉంది, కానీ ఆ మాటలు ఏ ఉద్యోగి మెయిల్‌లోనైనా ఇమిడిపోతాయి. చదువు కోసం వెళ్లడానికి క్షమాపణ అక్కర్లేదు, ఆ వాక్యం తీసేయండి. దాని స్థానంలో ఈ ఐసీయూలో మీరు నేర్చుకున్నది ఒక్కటి పేరు పెట్టి రాయండి. వెంటిలేటర్ మీదున్న పేషెంట్‌ను చూసుకోవడమో, ఏబీజీ శాంపిల్ తీయడమో, ఏది నిజమైతే అది. ఎవరు నేర్పారో కూడా రాస్తే ఆ ఒక్క వాక్యమే వాళ్లకు గుర్తుంటుంది.

డబుల్ డ్యూటీల మాట నిజమే కావచ్చు, బాధ కూడా నిజమే. కానీ ఈ మెయిల్ మీ ఫైల్‌లో శాశ్వతంగా ఉంటుంది. ఆ విషయం ఎగ్జిట్ ఇంటర్వ్యూలో తప్పకుండా చెప్పండి, మెయిల్‌లో వద్దు. “వ్యక్తిగత కారణాలు” కూడా తీసేయండి. పక్కనే చదువు అని రాశాక అది అనుమానం పెంచడం తప్ప చేసేదేమీ లేదు.

అప్పగింతల గురించి మీరు ఏమీ రాయలేదు. ఐసీయూలో అది ముఖ్యం. క్రాష్ కార్ట్ చెక్‌లిస్ట్, నార్కోటిక్ రిజిస్టర్, తాళాల్లాంటివి మీ బాధ్యతలో ఉంటే వాటిని ఎవరికి, ఎప్పటిలోగా అప్పగిస్తారో ఒక వాక్యంలో చెప్పండి.

లెటర్ల విషయం కూడా ఇందులోనే అడగండి. ఎమ్మెస్సీ నర్సింగ్‌కు బీఎస్సీ తర్వాత కనీసం ఏడాది అనుభవం ఉండాలన్నది నర్సింగ్ కౌన్సిల్ నిబంధన. ఆ ఏడాది మీకు ఎప్పుడో దాటింది. అయినా ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్‌లో చేరిన తేదీ, రిలీవ్ అయిన తేదీ, హోదా, విభాగం పక్కాగా ఉండాలి. తర్వాత ఎక్కడ ఉద్యోగానికి వెళ్లినా అనుభవాన్ని ఆ తేదీలతోనే లెక్కిస్తారు. ఆసుపత్రి మీ ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకుని ఉంటే వాటి పేర్లు రాసి, ఏ రోజుకు కావాలో చెప్పండి. కాలేజీలో వెరిఫికేషన్‌కు అవే కావాలి.

ఇలా రాస్తే సరిపోతుంది. ఇంగ్లీషులో కూడా ఇంతే పొడవు ఉంచండి.

“సబ్జెక్ట్: రాజీనామా – స్టాఫ్ నర్స్, మెడికల్ ఐసీయూ – ఆఖరి పనిదినం సెప్టెంబర్ 19

గౌరవనీయులైన మేడమ్,

ఎమ్మెస్సీ నర్సింగ్‌లో సీటు రావడంతో స్టాఫ్ నర్స్ ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. ఈ మెయిల్ తేదీ ఆగస్టు 4. క్లాసులు సెప్టెంబర్ 22న మొదలవుతాయి కాబట్టి సెప్టెంబర్ 19ని నా ఆఖరి పనిదినంగా అంగీకరించమని కోరుతున్నాను. 60 రోజుల నోటీసులో తక్కువయ్యే 14 రోజులకు నా ఎర్న్‌డ్ లీవ్‌ను సర్దుబాటు చేసి, మిగిలిన రోజులకు నిబంధనల ప్రకారం జీతం మినహాయించుకోగలరు.

సెప్టెంబర్ 12లోగా నా బాధ్యతలన్నీ ఇన్‌ఛార్జ్ సిస్టర్ చెప్పినవారికి అప్పగిస్తాను. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్, మీ దగ్గరున్న నా ఒరిజినల్ సర్టిఫికెట్లు 19న ఇప్పించగలరు.

వెంటిలేటర్ మీదున్న పేషెంట్‌ను భయపడకుండా చూసుకోవడం నాకు ఈ ఐసీయూలోనే వచ్చింది. పక్కన నిలబడి నేర్పిన ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కు, మీకు నా కృతజ్ఞతలు.”

కింద మీ పేరు, ఎంప్లాయీ నంబర్, ఫోన్ నంబర్ ఉంచండి. పేరు మీ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో ఉన్నట్టే ఉండాలి. మెయిల్ సూపరింటెండెంట్ మేడమ్‌కు, కాపీ హెచ్‌ఆర్‌కు, ఇన్‌ఛార్జ్‌కు పంపండి. ఆసుపత్రి ఇచ్చిన ఐడీ నుంచి పంపుతుంటే మీ సొంత మెయిల్‌ను కూడా కాపీలో పెట్టుకోండి. మానేశాక ఆ ఐడీ తెరుచుకోదు. ప్రింట్ కూడా తీసి హెచ్‌ఆర్‌లో ఇచ్చి, మీ కాపీ మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. మూడు నాలుగు పనిదినాల్లో జవాబు రాకపోతే అదే మెయిల్‌కు రిప్లై పెట్టి, 19వ తేదీని అంగీకరించారో లేదో రాతపూర్వకంగా చెప్పమని అడగండి.