టెన్నిస్ నెట్ ఎత్తు: మూడడుగులా, మూడున్నరా?

సందేహం: మా కళాశాల టెన్నిస్ కోర్టు దగ్గర పెట్టడానికి తెలుగులో బోర్డు రాయిస్తున్నాం. నెట్ ఎత్తు 3 అడుగులని ఒకరు, 3.5 అడుగులని మరొకరు అంటున్నారు. ‘పక్క గీతల మధ్య వెడల్పు సింగిల్స్‌కు 27 అడుగులు, డబుల్స్‌కు 36 అడుగులు’ అని రాశాం. ఈ వాక్యం సరైనదేనా? – ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: ఎత్తు విషయంలో ఇద్దరూ చెప్పింది నిజమే, కాని ఎక్కడి ఎత్తో ఇద్దరూ చెప్పలేదు. నెట్ పైఅంచు రెండు స్తంభాల వద్ద 3 అడుగుల 6 అంగుళాల ఎత్తున ఉండి, కోర్టు నడుమకు వచ్చేసరికి 3 అడుగులకు దిగుతుంది. అక్కడ దాన్ని ఆ ఎత్తుకు కిందికి లాగి పట్టి ఉంచేది నేలకు బిగించిన తెల్లని పట్టీ. అందువల్ల ‘మధ్యలో’, ‘స్తంభాల వద్ద’ అన్న మాటలు లేకుండా నెట్ ఎత్తు చెప్పిన వాక్యం ఏదైనా అసంపూర్ణమే.

బోర్డు మీద 3.5 అడుగులని మాత్రం రాయకండి. దాన్ని 3 అడుగుల 5 అంగుళాలుగా చదివి టేపు పట్టేవారు మన మైదానాల్లో తక్కువేమీ కాదు, అలా పట్టిన నెట్ అంగుళం తగ్గిపోతుంది. 3 అడుగుల 6 అంగుళాలని విడమరచి రాస్తే ఆ పొరపాటుకు తావుండదు.

ఇక వెడల్పు. అంకెలు సరైనవే, మార్చవలసింది ‘గీతల మధ్య’ అన్న మాట. రెండు గోడల మధ్య పది అడుగులంటే గోడల మందం ఆ పదిలో చేరదని తెలుగువాడికి వేరే చెప్పనక్కరలేదు. టెన్నిస్‌లో పక్క గీత కోర్టులో భాగం, బంతి దాని అంచును తాకినా లోపల పడినట్టే. కనుక కొలత ఒక గీత వెలుపలి అంచు నుంచి అవతలి గీత వెలుపలి అంచు వరకు తీసుకోవాలి. మీ వాక్యాన్ని నమ్మి సున్నం వేసే మనిషి రెండు గీతల లోపలి అంచుల నడుమ 27 అడుగులు వదిలి, రెండేసి అంగుళాల గీతలు గీశాడనుకోండి. కోర్టు 27 అడుగుల 4 అంగుళాలవుతుంది. పొడవు 78 అడుగులకూ ఇదే పద్ధతి. నెట్ నుంచి 21 అడుగుల దూరంలో ఉండే సర్వీస్ గీతను కూడా నెట్‌కు దూరంగా ఉన్న దాని అంచు వరకే కొలవాలి. సర్వీస్ గళ్లను రెండుగా విడదీసే నడిమి గీత ఒక్కటే దీనికి మినహాయింపు. అది రెండు గళ్లకూ ఉమ్మడిది కనుక దాని నడిమికి కొలుస్తారు.

ఇళ్ల స్థలాలను గజాల్లో చెప్పుకునే మన ప్రాంతంలో ఈ కొలతలను గజాల్లో గుర్తుంచుకోవడం తేలిక: సింగిల్స్ వెడల్పు 9 గజాలు, డబుల్స్ వెడల్పు 12 గజాలు, పొడవు 26 గజాలు, నెట్ నడిమి ఎత్తు సరిగ్గా గజం. డబుల్స్‌లో అదనంగా కలిసేది ఇటు గజమున్నర, అటు గజమున్నర మాత్రమే. సర్వీస్ గళ్లు రెండు ఆటలకూ ఒక్కటే.

మీరు అడగకపోయినా బోర్డు మీద చేర్చవలసిన మాట ఇంకొకటి ఉంది. స్తంభాలు డబుల్స్ గీతకు 3 అడుగుల వెలుపల, అంటే కోర్టు నడుమ నుంచి 21 అడుగుల దూరంలో ఉంటాయి. ఆ నెట్‌తోనే సింగిల్స్ ఆడితే, పక్క గీత మీద నెట్ ఎత్తు ఇంచుమించు 3 అడుగుల 4 అంగుళాలే ఉంటుంది. అందుకే సింగిల్స్ గీతకు 3 అడుగుల వెలుపల, నెట్ కింద చెరోవైపు ఒక కర్ర నిలిపి, అక్కడ పైఅంచును 3 అడుగుల 6 అంగుళాలకు ఎత్తుతారు. వీటిని సింగిల్స్ స్టిక్స్ అంటారు. అప్పుడు గీత మీద నెట్ మరో అంగుళం లేస్తుంది. గీత వెంబడి బలంగా కొట్టే బంతి నెట్‌ను రాసుకుంటూ పోతుంది కనుక ఆ అంగుళం పాయింటును అటూ ఇటూ చేయగలదు.

బోర్డు మీద ఇలా రాయించండి: ‘కోర్టు వెడల్పు, గీతల వెలుపలి అంచుల వరకు: సింగిల్స్‌కు 27 అడుగులు, డబుల్స్‌కు 36 అడుగులు. నెట్ ఎత్తు: మధ్యలో 3 అడుగులు, డబుల్స్‌లో స్తంభాల వద్ద, సింగిల్స్‌లో కర్రల వద్ద 3 అడుగుల 6 అంగుళాలు.’ నడిమి ఎత్తును ఆటకు ముందు టేపుతోనే చూడాలి. టేపు అందుబాటులో లేనప్పుడు ఆటగాళ్లు ఒక రాకెట్‌ను నిలువుగా నిలిపి, దాని మీద రెండో రాకెట్ తలను అడ్డంగా ఉంచి చూస్తారు. మామూలు రాకెట్ పొడవు 27 అంగుళాలు, తల వెడల్పు సుమారు 9 అంగుళాలు కనుక రెండూ కలిసి గజానికి దగ్గరగా వస్తాయి. తల వెడల్పు రాకెట్‌ను బట్టి మారుతుంది కాబట్టి ఈ పద్ధతి సాధనకు సరిపోతుంది గాని, పోటీకి పనికిరాదు.